ఫార్ములా ఫొటో వచ్చింది, లెక్క ఎక్కడ తప్పింది?

వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది. అందులో ఎక్సెల్ బిల్లు షీట్ ఉంటుంది. రేటు కాలమ్‌లో పైన రెండు అంకెలు సరిగ్గానే కనిపిస్తాయి, ఆ కింద `#N/A`, ఇంకా కింద `#VALUE!`, అట్టడుగున మొత్తం దగ్గర మళ్లీ `#N/A`. కింద ఒక్క మాట: "అన్నా, నిన్నటిదాకా బాగానే ఉంది, ఫార్ములా ఎందుకో తప్పు చూపిస్తోంది, చూసి చెప్పవా." ఫైలు ఉండదు. ఉన్నదల్లా ఆ బొమ్మే. అయినా, ఎక్కడ చూడాలో తెలిస్తే ఆ బొమ్మ చాలానే చెబుతుంది.

మామూలుగా అందరి కళ్లూ తప్పు చూపిస్తున్న సెల్ మీదికే పోతాయి. ఆ సెల్‌లోని ఫార్ములాను అక్షరం అక్షరం చదువుతారు, అందులో తప్పేమీ దొరకదు. నిజంగా చూడాల్సింది ఏ రోలు చెడ్డాయి, ఏ రోలు చెడలేదు అన్న సంగతి. ఫార్ములా ఒకటే అయినప్పుడు కొన్ని రోలలో పనిచేసి కొన్నిట్లో పనిచేయలేదంటే, కారణం ఆ రోల మధ్య తేడాలోనే ఉంటుంది. ఇది మాటల్లో చెబితే తేలేది కాదు కాబట్టి ఒక బొమ్మను ముందు పెట్టుకుని చివరిదాకా విప్పుదాం.

ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టు అనుకోండి. షీట్‌కి ఎడమవైపు బిల్లు ఉంది. గుమాస్తా సరుకు కోడ్, పరిమాణం కొడితే రేటు దానంతట అదే రావాలి. ధరలు ఉదాహరణ కోసం వేసినవే.

```
     A      B          C       D
1    కోడ్    పరిమాణం    రేటు     మొత్తం
2    104    10         90      900
3    106    5          180     900
4    101    20         #N/A    #N/A
5    107    4          180     720
6    108    3 కేజీలు    240     #VALUE!
7    105    8          #N/A    #N/A
8    102    6          #N/A    #N/A
9                              #N/A
```

అదే షీట్‌లో కుడివైపు ధరల పట్టిక.

```
     G      H            I
1    కోడ్    సరుకు         ధర
2    101    కందిపప్పు     150
3    102    మినప్పప్పు    130
4    104    శనగపప్పు      90
5    105    పెసరపప్పు     120
6    106    చింతపండు      180
7    108    ఎండుమిర్చి    240
```

పంపినవాళ్లు C4 సెల్ మీద క్లిక్ చేసి ఫొటో తీశారు. అందుకే పైనున్న ఫార్ములా బార్‌లో ఇది కనిపిస్తోంది:

```
=VLOOKUP(A4,G4:I9,3)
```

ముందు ఈ ఫార్ములా ఏం అడుగుతోందో చూద్దాం. A4లో ఉన్న కోడ్ తీసుకో, G4 నుంచి I9 దాకా ఉన్న పట్టికలో మొదటి కాలమ్‌లో దాన్ని వెతుకు, దొరికిన రోలో మూడో కాలమ్‌లో ఉన్నది తెచ్చి ఇక్కడ పెట్టు. అంతే. A4లో ఉన్నది 101. ధరల పట్టికలో 101 ఉంది కదా, రెండో రోలో కందిపప్పు. మరి దొరకలేదని ఎందుకంటోంది?

ఫార్ములాలో రెండు చోట్ల అదే 4 ఉంది, గమనించండి. A4, G4. బిల్లు నాలుగో రోలో ఉంటే పట్టిక కూడా నాలుగో రో నుంచి మొదలవుతోంది. కానీ ధరలు మొదలైంది రెండో రో నుంచి. ఈ ఒక్క పోలికతో మనం చూడని ఫార్ములాలన్నీ తెలిసిపోతాయి. మొదట C2లో ఎవరో `=VLOOKUP(A2,G2:I7,3)` అని సరిగ్గానే రాసి ఉంటారు. తర్వాత దాన్ని కిందికి లాగారు. లాగినప్పుడు ఎక్సెల్ A2ని A3, A4, A5గా మార్చుకుంటూ పోతుంది, మనకు కావలసిందీ అదే. దాంతోపాటు G2:I7ని కూడా G3:I8, G4:I9, G5:I10 అని జరుపుకుంటూ పోతుంది. అది మనకు అక్కర్లేదు. బిల్లులో ఒక్కో రో దిగినప్పుడల్లా ధరల పట్టిక పైనుంచి ఒక్కో సరుకును పోగొట్టుకుంటోందన్నమాట.

ఇప్పుడు బొమ్మలోని రోలు వాటంతట అవే అర్థమవుతాయి. మూడో రోలో వెతికింది 106. అప్పటికి పట్టికలోంచి 101 ఒక్కటే జారిపోయింది, 106 ఇంకా ఉంది, కాబట్టి ధర వచ్చింది. నాలుగో రోకి వచ్చేసరికి పట్టిక 104 నుంచి మొదలవుతోంది, 101 పైన ఉండిపోయింది, దొరకలేదు. ఏడో రోలో పట్టికలో మిగిలింది 108 ఒక్కటే, 105 దొరికే దారి లేదు. "నిన్నటిదాకా బాగానే ఉంది" అన్న మాటకూ ఇక్కడే సమాధానం ఉంది. నిన్నటి బిల్లులో పట్టిక అడుగున ఉన్న సరుకులు పడి ఉంటాయి, అందుకే తప్పు బయటపడలేదు. ఫార్ములా నిన్న కూడా ఇలాగే ఉంది.

దీనికి మందు డాలర్ గుర్తు. `$G$2:$I$7` అని రాస్తే ఎంత దూరం లాగినా ఆ పట్టిక కదలదు. చేత్తో నాలుగు డాలర్లు కొట్టనక్కర్లేదు. ఫార్ములా బార్‌లో G2:I7ని మౌస్‌తో ఎంచుకుని F4 నొక్కితే నాలుగూ ఒకేసారి పడతాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో Fn కూడా కలిపి నొక్కాలి. A2కి మాత్రం డాలర్లు పెట్టకూడదు. అది రోతో పాటు కదలాలి. కంగారులో రెండిటికీ పెట్టేస్తే అన్ని రోలలోనూ మొదటి సరుకు ధరే వస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. డాలర్లు పెట్టగానే నాలుగో రో, ఏడో రో బాగుపడతాయి కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. కానీ ఈ బొమ్మలో అన్నిటికంటే ప్రమాదకరమైన రో ఇంకా అలాగే ఉంది. అది ఏ తప్పూ చూపించని ఐదో రో.

ఐదో రోలో కోడ్ 107. ధరల పట్టిక ఇంకోసారి చూడండి. 106 ఉంది, 108 ఉంది, 107 లేదు. లేని సరుకుకు 180 రూపాయల ధర ఎక్కణ్నుంచి వచ్చింది? అది చింతపండు ధర. `VLOOKUP`కి నాలుగో మాట ఒకటి ఉంది. అది ఇవ్వకపోతే ఎక్సెల్ దాన్ని `TRUE` అనుకుంటుంది. అంటే, సరిగ్గా అదే దొరక్కపోతే దానికంటే చిన్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఏదో అది తీసుకుంటుంది. 107 లేదు, దానికి దిగువన 106 ఉంది, దాని ధర ఇచ్చేసింది. గుమాస్తా కొట్టాలనుకున్నది 108, ఎండుమిర్చి. వేలు పక్క మీటమీద పడింది. నాలుగు కిలోల ఎండుమిర్చికి 960 రావాల్సిన చోట 720 పడింది. షీట్ ఎక్కడా అభ్యంతరం చెప్పలేదు.

ఈ `TRUE` పద్ధతి పనికిరానిదేమీ కాదు. మార్కులను బట్టి గ్రేడు వేయాలన్నా, యూనిట్లను బట్టి స్లాబు తేల్చాలన్నా అదే కావాలి. 57 మార్కులొచ్చిన పిల్లాడికి పట్టికలో 57 అని ఉండదు, 50 దగ్గరున్న గ్రేడే ఇవ్వాలి. అలా వాడేటప్పుడు పట్టిక మొదటి కాలమ్ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా ఉండి తీరాలి, లేకపోతే జవాబులు తలాతోకా లేకుండా వస్తాయి. సరుకు కోడ్‌లు, హాల్ టికెట్ నంబర్లు, ఖాతా నంబర్ల విషయంలో దగ్గరిది అన్న మాటకే అర్థం లేదు. అక్కడ నాలుగో మాటగా `FALSE` అనో, సున్నా అనో రాయాల్సిందే. సరైన ఫార్ములా ఇది:

```
=VLOOKUP(A2,$G$2:$I$7,3,FALSE)
```

దీన్ని C2లో రాసి, C2 నుంచి C8 దాకా ఎంచుకుని Ctrl+D నొక్కితే అన్ని రోలలోకీ దిగుతుంది. ఆ వెంటనే ఒక వింత జరుగుతుంది. దీన్ని ముందే చెప్పకపోతే అవతలివాళ్లు ఫార్ములా ఇంకా చెడిపోయిందనుకుంటారు. ఇంతవరకూ 180 చూపిస్తున్న ఐదో రోలో ఇప్పుడు `#N/A` వస్తుంది. అది రావాలి. 107 అనే సరుకు లేదు కాబట్టి లేదని చెప్పడమే ఆ సెల్ పని. ఆ రోను సరిచేయడం ఫార్ములా చేతిలో లేదు, బిల్లు కొట్టినవాళ్లని ఏ సరుకు ఇచ్చారో అడిగి 108 అని దిద్దాలి.

తప్పు గుర్తు పడని తప్పు ఎంత దూరం పోగలదో చెప్పడానికి లోకమంతా చూసిన ఒక షీట్ ఉంది. హార్వర్డ్ ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. ప్రభుత్వ అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి సున్నాకి కాస్త దిగువన, మైనస్ 0.1 శాతం ఉందని అందులో ఉంది. ప్రభుత్వాలు ఖర్చు తగ్గించుకోవాలని వాదించినవాళ్లు దాన్ని విస్తారంగా ఉదహరించారు. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి ఆ లెక్కను తిరిగి చేయబోతే కుదరలేదు. రచయితల దగ్గర అసలు షీట్ తెప్పించుకుని చూస్తే, సగటు తీసే ఫార్ములా 30వ రో నుంచి 49వ రో దాకా వెళ్లాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. హెర్న్‌డన్ తన అధ్యాపకులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి 2013లో దాన్ని బయటపెట్టాడు. వాళ్ల లెక్కలో ఆ సగటు 2.2 శాతం తేలింది. ఈ తేడా అంతా ఎక్సెల్ తప్పు వల్లే రాలేదు. కొన్ని సంవత్సరాల అంకెలు వదిలేయడం, దేశాలకు వెయిటేజీ ఇచ్చిన తీరు అంతకంటే పెద్ద కారణాలు. అయినా ఫార్ములాలోని పొరపాటును రచయితలు ఒప్పుకున్నారు. ఆ సెల్‌లో `#N/A` లాంటిదేదీ లేదు. చూడ్డానికి పద్ధతిగా ఉన్న ఒక అంకె మాత్రమే ఉంది.

మన బొమ్మకి తిరిగి వద్దాం. కొత్త ఫార్ములా పెట్టాక ఎనిమిదో రో ఇంకా `#N/A` అనే అంటోంది. కోడ్ 102, పట్టికలో 102 ఉంది, మినప్పప్పు. డాలర్లు ఉన్నాయి, `FALSE` ఉంది. ఇంకేం కావాలి? స్క్రీన్‌షాట్‌ను పెద్దది చేసి A కాలమ్‌ను చూడాలి. ఎక్సెల్ అంకెలను సెల్‌లో కుడివైపుకు జరిపి చూపిస్తుంది, అక్షరాలను ఎడమవైపుకు. ఎవరూ చేత్తో మార్చకపోతే ఇదే పద్ధతి. మిగతా కోడ్‌లన్నీ కుడి అంచుకు ఆనుకుని ఉండగా ఈ 102 ఒక్కటే ఎడమవైపు ఉంటే, పైగా సెల్ ఎడమ పైమూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం ఉంటే, అది అంకెలా కనిపిస్తున్న అక్షరాల వరుస. ఎక్సెల్ దృష్టిలో 102 అనే అంకె వేరు, ఒకటి, సున్నా, రెండు అని అక్షరాల్లో రాసింది వేరు. రెండూ ఎప్పటికీ కలవవు. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి దించిన జాబితాల్లో, వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన వాటిలో, ముందు కామా లాంటి చిన్న గీత పెట్టి కొట్టిన అంకెల్లో ఇది తరచూ వస్తుంది.

ఫైలు దగ్గరుంటే దీన్ని తేల్చుకోవడానికి ఒక మంచి ఉపాయం ఉంది. C8 మీద నిలబడి, ఫార్ములా బార్‌లో A8 అన్న రెండు అక్షరాలను మాత్రమే ఎంచుకుని F9 నొక్కాలి. A8 స్థానంలో దానిలో ఉన్న అసలు విలువ కనబడుతుంది. `102` అని వస్తే అంకె. `"102"` అని కోట్స్‌తో వస్తే అక్షరాలు. చూశాక Esc నొక్కడం మరవకూడదు. Enter నొక్కితే ఆ విలువే ఫార్ములాలో అతుక్కుపోయి, తర్వాత కోడ్ మార్చినా ధర మారదు. అవతలివాళ్లు ఫోన్‌లో ఉంటే ఇంత చేయించడం కష్టం కాబట్టి, ఏదో ఖాళీ సెల్‌లో `=ISNUMBER(A8)` అని కొట్టమంటే చాలు. `FALSE` వస్తే సంగతి తెలిసినట్టే.

సరిచేయడం తేలిక. ఆ సెల్‌ను ఎంచుకుంటే పక్కన పసుపుపచ్చ హెచ్చరిక గుర్తు వస్తుంది, దాన్ని నొక్కి `Convert to Number` ఎంచుకోవాలి. వందల కోడ్‌లు ఇలాగే ఉంటే కాలమ్ అంతా ఎంచుకుని `Data` ట్యాబ్‌లో `Text to Columns` తెరిచి ఏమీ మార్చకుండా `Finish` నొక్కితే అన్నీ ఒకేసారి అంకెలవుతాయి. సెల్ ఫార్మాట్‌ను Text నుంచి General కి మార్చినంత మాత్రాన మాత్రం పాతవి మారవు, ఒక్కోదాన్ని మళ్లీ కొడితేనే మారతాయి. చాలామంది ఇక్కడే అరగంట పోగొట్టుకుంటారు. వెబ్ పేజీల నుంచి వచ్చిన కోడ్‌ల వెనక కంటికి కనిపించని ఖాళీ అక్షరం కూడా ఉండొచ్చు. అప్పుడు `=LEN(A8)` మూడుకి బదులు నాలుగు చూపిస్తుంది, `Convert to Number` కూడా రాదు. `TRIM` మామూలు ఖాళీలను తీసేస్తుంది గానీ వెబ్ నుంచి వచ్చే ఆ ప్రత్యేకమైన ఖాళీని తీయలేదు. దాన్ని ఇలా తీయాలి:

```
=VALUE(SUBSTITUTE(A8,CHAR(160),""))
```

మిగిలింది ఆరో రో. అక్కడ రేటు సరిగ్గానే వచ్చింది, మొత్తం దగ్గర `#VALUE!` ఉంది. `#N/A` అంటే వెతికింది దొరకలేదని, `#VALUE!` అంటే అంకె ఉండాల్సిన చోట ఇంకేదో ఉందని. D6లో `=B6*C6` అని ఉంటుంది, C6 బాగానే ఉంది, ఇక మిగిలింది B6. అక్కడ "3 కేజీలు" అని కొట్టారు. మనిషికి అది మూడు. ఎక్సెల్‌కి అది ఒక పదం, దాన్ని 240తో గుణించలేదు. కేజీలు అన్న మాట బిల్లులో కనబడాలనుకోవడంలో తప్పు లేదు. దానికి దారి వేరే ఉంది. సెల్‌లో 3 మాత్రమే కొట్టి, Ctrl+1 నొక్కి, `Number` ట్యాబ్‌లో `Custom` ఎంచుకుని, ఈ వరుస రాయాలి:

```
0 "కేజీలు"
```

అరకిలోలు, పావుకిలోలు అమ్మేచోట `0.00` అని మొదలుపెట్టాలి, లేకపోతే 2.5 కొట్టినా 3 కేజీలని కనబడుతుంది. లోపల అంకె అంకెగానే ఉంటుంది, పైకి కేజీలు కనిపిస్తాయి, గుణకారం నడుస్తుంది.

కోడ్ 108 అని దిద్ది, 102ను అంకెగా మార్చి, కేజీలను ఫార్మాట్‌లోకి పంపాక D కాలమ్ పైనుంచి కిందికి 900, 900, 3000, 960, 720, 960, 780 అవుతుంది. తొమ్మిదో రోలో 8,220. ఆ మొత్తం సెల్‌లో ఉన్న `=SUM(D2:D8)`లో తప్పేమీ లేదు, దాన్ని ముట్టుకోనే లేదు. కూడే వాటిలో ఒక్క సెల్‌లో తప్పున్నా `SUM` అదే తప్పును పైకి చూపిస్తుంది. స్క్రీన్‌షాట్‌లో ఎన్ని తప్పులు కనబడినా లెక్కకు మూలమైన సెల్ దగ్గర మొదలుపెట్టాలనేది అందుకే. ఇక్కడైతే ఎడమ నుంచి కుడికి చూడాలి. ముందు A, B కాలమ్‌లు, తర్వాత C, ఆ తర్వాత D.

ఇంత పని ఎందుకు, `IFERROR` పెడితే తప్పులన్నీ పోతాయి కదా అనేవాళ్లుంటారు. ఇదే బొమ్మమీద చేసి చూద్దాం. పాత ఫార్ములాలు అలాగే ఉంచి, D కాలమ్‌లో `=IFERROR(B2*C2,0)` అని పెట్టి కిందికి లాగితే షీట్ చక్కగా శుభ్రపడుతుంది. నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది రోలలో సున్నాలు పడతాయి. ఐదో రోలో చింతపండు ధరతో 720 ఉంటుంది. మొత్తం 2,520. అసలు రావాల్సింది 8,220. ఒక్క బిల్లులో 5,700 రూపాయలు పోయాయి, ఎర్రగా చూపించే గుర్తు ఒక్కటీ లేదు. సలహా అడిగినవాళ్లకు కారణం వెతక్కుండా `IFERROR` చుట్టి ఇవ్వడం సాయం కాదని నా గట్టి అభిప్రాయం. ఇంకా నింపని ఖాళీ రోలలో `#N/A` కనబడటం ఇష్టం లేకపోతే, ఖాళీని ఖాళీ అని మాత్రమే అడిగితే చాలు:

```
=IF(A2="","",VLOOKUP(A2,$G$2:$I$7,3,FALSE))
```

D2లో కూడా అలాగే `=IF(A2="","",B2*C2)`. కోడ్ లేని రో ఖాళీగా ఉంటుంది, తప్పు కోడ్ ఉన్న రో తప్పు చూపిస్తూనే ఉంటుంది.

ఇక్కడికి ఈ బిల్లు బాగుపడింది గానీ, రేపు కొట్టులోకి కొత్త సరుకు వస్తే మళ్లీ ఫొటో వస్తుంది. 109 కోడ్‌తో జీలకర్రను ఎనిమిదో రోలో చేర్చారనుకోండి. మన ఫార్ములా ఏడో రో దగ్గరే ఆగుతుంది కాబట్టి 109 దొరకదు. అందుకని ధరల పట్టికలో ఎక్కడో ఒకచోట క్లిక్ చేసి Ctrl+T నొక్కి, హెడ్డింగులున్నాయని టిక్ పెట్టి దాన్ని టేబుల్‌గా మార్చేయడం మేలు. పైన `Table Design` ట్యాబ్‌లో దానికి `Rates` అని పేరు పెడితే ఫార్ములా ఇలా మారుతుంది:

```
=VLOOKUP(A2,Rates,3,FALSE)
```

కింద ఎన్ని సరుకులు చేర్చినా టేబుల్ దానంతట అదే పెరుగుతుంది, డాలర్లతో పనే ఉండదు. ఆ మూడు అన్న అంకె మాత్రం కొంచెం బలహీనమైన చోటు. సరుకు పేరుకూ ధరకూ మధ్య ప్యాకింగ్ అని ఎవరైనా ఒక కాలమ్ చేరిస్తే, మూడోది ఇప్పుడు ప్యాకింగ్ అవుతుంది, ధర కాదు. ఎక్సెల్ 2021, మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లకు దీనికి పరిష్కారం `XLOOKUP`. ఎక్కడ వెతకాలో, ఎక్కణ్నుంచి తేవాలో విడివిడిగా చెప్తాం, లెక్కపెట్టక్కర్లేదు. పైగా సరిగ్గా అదే దొరకాలన్నది దీనికి పుట్టుకతో ఉన్న పద్ధతి, `FALSE` మర్చిపోయే బాధ లేదు:

```
=XLOOKUP(A2,$G$2:$G$7,$I$2:$I$7)
```

పాత ఎక్సెల్‌లో ఇది `#NAME?` అంటుంది, ఆ మాట తనకు తెలియదని దాని అర్థం. స్క్రీన్‌షాట్‌లో ఫార్ములా ముందు `_xlfn.` అని కనిపిస్తే, కొత్త ఎక్సెల్‌లో రాసిన ఫైలును పాతదానిలో తెరిచారన్నమాట. అప్పుడు `VLOOKUP`కే వెళ్లాలి. గూగుల్ షీట్స్‌లో మాత్రమే ఉండే `QUERY` లాంటివి ఎక్సెల్‌లో కొట్టినా ఇదే `#NAME?` వస్తుంది.

బొమ్మ చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నాయి. వేరే షీట్‌లో ఏముందో, దాచిపెట్టిన కాలమ్‌లో ఏముందో అది చూపించదు. ఫార్ములా ఒక్క సెల్‌దే కనబడుతుంది, మిగతావి మనం ఊహించుకోవాల్సిందే. మధ్యలో ఎవరైనా ఒక సెల్‌లో ఫార్ములా చెరిపి చేత్తో అంకె వేసుంటే ఆ ఊహ తప్పుతుంది. కాబట్టి తిరిగి రెండు ఫొటోలు అడగడం మంచిది. ఒకటి, తప్పున్న సెల్ మీద F2 నొక్కి తీసింది. F2 నొక్కగానే ఫార్ములా ఏయే సెల్‌లను చూస్తోందో ఎక్సెల్ రంగు గళ్లు గీసి చూపిస్తుంది. మన ఉదాహరణలో ఆ గడి ధరల పట్టిక పైభాగాన్ని వదిలేసి కింద ఖాళీలోకి జారి ఉండటం అక్షరం చదవకుండానే కనబడేది. రెండోది, Ctrl నొక్కి పట్టుకుని ట్యాబ్ మీటకు పైనున్న ` గుర్తు నొక్కాక తీసింది. అప్పుడు విలువలకు బదులు అన్ని సెల్‌లలో ఫార్ములాలే కనిపిస్తాయి. రెండిటిలోనూ పైన A, B, C అక్షరాలు, పక్కన 1, 2, 3 అంకెలు తప్పకుండా పడాలి. అవి కత్తిరించి పంపిన ఫొటోతో ఏమీ చేయలేం.

దిద్దిన ఫార్ములాను తిరిగి పంపేటప్పుడు ఫొటోగా పంపొద్దు, అక్షరాలుగానే పంపండి. చూసి కొట్టేటప్పుడు I అన్న అక్షరం 1 అవుతుంది, కోలన్ సెమికోలన్ అవుతుంది. కోట్స్ ఉన్న ఫార్ములా అయితే ఇంకో జాగ్రత్త కావాలి. కొన్ని ఫోన్లు, వర్డ్ లాంటివి నిలువు కోట్స్‌ను వంకర కోట్స్‌గా మార్చేస్తాయి, ఎక్సెల్ వాటిని కోట్స్‌గా గుర్తించదు. అతికించాక `#NAME?` వస్తే ఫార్ములాలో ఉన్న కోట్స్‌ను చెరిపి, ఎక్సెల్‌లోనే కీబోర్డుతో మళ్లీ కొట్టమని ఆ మెసేజ్‌లోనే రాసేయండి.